ఆంథోని ఆట కాగితం

భద్రాచలంలో ఒంటిగంటన్నరకు బయల్దేరిన చర్ల బస్సు దుమ్ముగూడెం దాటి నాలుగు మలుపులు తిరిగి, స్టేజీ లేని చోట ఆగింది. కిటికీకి తల ఆనించి కునుకుతున్న పోతయ్య సారు కళ్లు తెరిచాడు. రోడ్డుకు అడ్డంగా రెండు తారు డ్రమ్ములు, వాటి వెనక నలుగురు పోలీసులు. ఆయన చూపు వెంటనే పక్కసీటు మనిషి మీదికి పోయింది.

ఆ మనిషి మీద ఆయనకు బస్టాండు నుంచే అనుమానం. నలభై దాటిన వయసు, ఎండకు కమిలిన ముఖం, ఎడమ మోకాలు చాపితే గాని కూర్చోలేడు. ఒళ్లో నైలాను వల, వలలో ఆరు బంతులు. కాళ్ల దగ్గర గోనెసంచి. అందులోంచి కోసిన సైకిలు ట్యూబు ముక్కలు నల్లగా తొంగిచూస్తున్నాయి. ఏ ఊరంటే కొత్తగూడెం అన్నాడు. ఏడికంటే ఇప్పలగుంపు అన్నాడు. ఏం పని అంటే ఆట అన్నాడు. మూడు ప్రశ్నలకు మూడు మాటలు. ముప్పై ఒక్క ఏళ్లు ఆశ్రమ పాఠశాలల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి, ఇప్పుడు చర్లలో కూతురింటికి పోతున్న పోతయ్యకు ఆటలవాడు ఇంత తక్కువ మాట్లాడతాడంటే నమ్మబుద్ధి కాలేదు. ఆయన లెక్కలో ఆటలవాడంటే ముందు గొంతు, తరువాత ఈల, ఆ తరువాతే బంతి.

రెండువేల ఆరో సంవత్సరం కార్తీకమాసం అది. ఆ రోడ్డు మీద ప్రతివాడూ ప్రతివాడినీ ఓ కంట కనిపెట్టి ఉండే రోజులు. పగలు అడిగే పోలీసులు కొందరు, పొద్దుగూకాక అడిగే అడవి అన్నలు మరికొందరు. ఇద్దరికీ ఒకే జవాబు చెప్పుకోగలిగినవాడే నిదానంగా బువ్వ తినేవాడు. కొట్టువాడు కొత్తమనిషికి అగ్గిపెట్టె అమ్మినా ఆ సంగతి సాయంత్రంలోగా రెండు చోట్లకు చేరిపోయేది. ఇక కాగితం సంగతి చెప్పనే అక్కర్లేదు. గొలుసులు పట్టుకుని వచ్చిన సర్వేవాళ్లు కాగితం మీద ఓ గీత గీస్తే తాతలనాటి పోడు రిజర్వు అడవి అయిపోయిన చోటు అది. అక్కడ చదువుకున్నవాడికీ చదువురానివాడికీ గీతలున్న కాగితమంటే ఒకటే దడ.

బస్సెక్కిన హెడ్డు కానిస్టేబులు పోతయ్యను చూడగానే లాఠీ చంకలో పెట్టుకుని చేతులు జోడించాడు.

"నమస్తే సారు! మీరేంది ఈ బస్సుల? నేను ధన్‌సింగును. తండా నుంచి వచ్చి మీ దగ్గర చదివిన గదా, ఏడో తరగతి దాంక!"

"ధన్‌సింగా! మీసాలు పెట్టినవ్, ఎట్ల గుర్తుపడతరా నిన్ను?" అన్నాడు పోతయ్య. బస్సులో అందరి ముందూ పోలీసు తనకు దండం పెట్టినందుకు లోలోపల పొంగిపోయాడు కూడా. తరువాత జరిగినదాంట్లో సగం పాపం ఆ పొంగుదే.

ధన్‌సింగ్ గోనెసంచి కుమ్మరించాడు. ట్యూబు ముక్కలు, నీళ్లసీసా, సద్దిగిన్నె, నాలుగు మడతలు పెట్టిన తెల్లకాగితం. కాగితం విప్పగానే ధన్‌సింగ్ కనుబొమలు ముడిపడ్డాయి. పెట్టెలు పెట్టెలుగా గీతలు. పెట్టెల్లో ఇంటూ గుర్తులు, సున్నాలు. ఒకదాని నుంచి ఇంకోదానికి వంకర బాణాలు.

"ఇది ఏంది?"

"సెషన్ ప్లాను సార్," అన్నాడు ఆ మనిషి.

"సెషన్సంటే కోర్టుదా?"

"ఆటది సార్. పిల్లలకు బంతి ఎట్ల తీసుకపోవాల్నో, డ్రిబ్లింగు. ఆ పూటకు ఏం చేయించాల్నో రాసుకున్న."

"పేరు?"

"ఆంథోని."

ధన్‌సింగ్ కాగితాన్ని వెలుతురుకు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పైకి చదవడం మొదలుపెట్టాడు. బస్సు మొత్తం ఊపిరి బిగబట్టి విన్నది.

"పన్నెండు మంది. గంట. ఎనిమిది గేట్లు... నిమిషం లోపల, నిమిషం బయట. గీత దాటాలి... ముగ్గురి మీదికి ముగ్గురు. మూలకో గేటు, కాపలా ఉండదు." ఆగాడు. "ఏ గేటుకాడ కాపలా ఉండదు? మా క్యాంపు గేటా?"

వెనక సీట్లో ఎవరో కిసుక్కుమని, మళ్లీ నోరు మూసుకున్నారు.

"మాట్లాడొద్దు, చూడు. ఆపేది ఒక్కసారే. ద్వాలి ఎడమ దిక్కు ఒక్కతే పోతది, పోనీ." ధన్‌సింగ్ కాగితం దించాడు. "ఎవరీ ద్వాలి? ఒక్కతే ఏడికి పోతది? నువ్వు ఎందుకు పోనిస్తవ్?"

"పదకొండేండ్ల పిల్ల సార్. బంతి దొరికితే ఎడమ పక్క నుంచే పోతది. ఊకె పోగొట్టుకుంటది. పోగొట్టుకోనీ అని రాసుకున్న."

"పోగొట్టుకోనీ అని రాసుకునేటోడు నేర్పేటోడా?" ధన్‌సింగ్ కాగితాన్ని పోతయ్య చేతిలో పెట్టాడు. "సారు, మీరు చూడున్రి. మీకంటే ఎక్కువ నాకు తెల్వదు. ఇది ఫుట్‌బాలేనా?"

పోతయ్య కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఆయన ఎరిగిన ఫుట్‌బాలులో మైదానం ఒక్కటి, గోలుపోస్టులు రెండు, బంతి ఒక్కటి. పిల్లల్ని బారుగా నిలబెట్టి, కర్రలు పాతి, వాటి చుట్టూ ఒక్కొక్కణ్ని పాములా తిప్పించి, చివర్లో రెండు జట్లు చేసి ఆడించేవాడు. ఈ కాగితంలో అయిదారు పెట్టెలున్నాయి. బారు లేదు, కర్ర లేదు, గోలుకీపరు లేడు. తెలియదని చెప్పొచ్చు. బస్సులో ముప్పై మంది చూస్తున్నారు, ఒకనాటి శిష్యుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తెలియదనడానికి మనసొప్పలేదు.

"నాకు తెలిసిన ఫుట్‌బాలయితే ఇది గాదు," అన్నాడు.

ఆంథోని ఆయన వంక చూశాడు. ట్యూబు ముక్కలు సంచిలో వేసుకుని, వల భుజానికెత్తుకుని, చెప్పకముందే బస్సు దిగాడు.

ధన్‌సింగ్ పోతయ్యను కూడా దిగమన్నాడు. అడిగిన తీరు మర్యాదగానే ఉన్నా కాదనడానికి వీలున్నట్టు లేదు. బస్సు వెళ్లిపోయింది. రోడ్డు పక్కన ఆంథోనిని నిలబెట్టి ధన్‌సింగ్ తేల్చిచెప్పాడు.

"ఇన్రి. ఇప్పలగుంపు హాస్టలు రెండు కిలోమీటర్లు. పోదాం. కాయితంల ఉన్నది ఉన్నట్టు నేల మీద కనబడాలె. కనబడిందని సారు రాసిస్తే నీ తోవ నీది. లేదంటె ఠాణాకు నడువు, ఆడ ఎన్ని దినాలైతదో నాకు తెల్వదు. సమజైందా?"

"అవ్ సార్," అన్నాడు ఆంథోని.

ఇద్దరు కానిస్టేబుళ్లు ముందు, ఆంథోని, పోతయ్య నడుమ, ధన్‌సింగ్ వెనక. టేకు ఆకులు పళ్లేలంతేసి రాలి కాళ్ల కింద చప్పుడవుతున్నాయి. అట్లాంటి బాటలో నలుగురు నడిచినా నలభై మంది నడిచినట్టు వినబడుతుంది. పోతయ్య ఉండబట్టలేక అడగడం మొదలుపెట్టాడు. దోషిని అడుగుతున్నానో తోటి మాస్టరును అడుగుతున్నానో ఆయనకే తేలలేదు.

"ఏడ నేర్చుకున్నవ్ తమ్మీ ఈ పెట్టెల ఆట?"

ఆంథోని దారి చూసుకుంటూ చెప్పాడు. తండ్రి కొత్తగూడెం గనిలో బొగ్గు నింపే కూలీ. క్వార్టర్ల వెనక బొగ్గు పొడి పరిచిన మైదానం. ఆడి ఇంటికొస్తే పిల్లల కళ్లు తప్ప ఏదీ కనబడేది కాదు. వాళ్ల మాస్టరు గొంతు గని సైరను మీద వినబడేది. పదహారేళ్లకే జిల్లా జట్టులో రైట్ వింగు ఆటగాడు. ఇరవై నాలుగేళ్లకు మోకాలు పోయింది. ఆ పైన సైకిలు షాపు. భార్య లిదియా దవాఖానాలో ఆయా. చర్చి ఫాదరు ఎవరో ఖమ్మంలో పదిరోజుల కోచింగు క్లాసుకు పంపితే పోయి వచ్చాడు. అప్పటినుంచి శనివారం షాపు మూసి, బంతులు వలలో వేసుకుని హాస్టళ్ల చుట్టూ తిరుగుతాడు. ఇప్పలగుంపుకు వస్తుండటం ఇది అయిదో వారం.

"మరి నోరెందుకు మూసుకుంటవ్? కాయితంల రాసుకున్నవ్ గదా, మాట్లాడొద్దని."

"మా సారు బంతి కాలికి తగలకముందే 'పాస్' అనేటోడు. నేను పాస్ ఇచ్చేటోణ్ని. ఎనిమిదేండ్లు ఆడిన. ఎదుట ఒకడు అడ్డమొస్తే ఏం చెయ్యాల్నో మాత్రం నాకు రాలె. బంతి వస్తే ముందు సారు దిక్కు చూసేటోణ్ని, అటెన్క బంతిని చూసేటోణ్ని. అప్పటికి అది ఉండేది గాదు."

పోతయ్యకు ఆ మాట తనకే తగిలించి అన్నట్టనిపించింది.

హాస్టలు వార్డెను ప్రమీలారాణి పోలీసులను చూసి వరండా మెట్ల మీదే కొయ్యబారింది. సంగతి విన్నాక ఆమె ముఖంలో భయం పోయి ఇంకేదో వచ్చింది.

"నాకూ అనుమానమే సార్," అంది గొంతు తగ్గించి. "బడిలో డ్రిల్లు సారైతే ఏటి అవతలికి వినబడేటట్టు అరుస్తడు. ఈయన గంటసేపు చేతులు ఎనకకు కట్టుకుని నిలబడతడు. మధ్యమధ్యల పిల్లల చెవులల్ల ఏదో చెప్తడు. ఫాదరు పంపిన మనిషని ఊకున్న. పిల్లలు మాత్రం శనివారం అంటే చాలు, మూడింటికే అన్నం గిన్నెలు కడిగేసి కూసుంటరు."

"చెవులల్ల ఏం చెప్తడు?" ధన్‌సింగ్ కాగితం మళ్లీ తీశాడు.

"నాకెట్ల తెలుస్తది సార్?"

హాస్టలు వెనక వరి కోసిన మడి. మోళ్లు ఎండి, నేల గట్టిపడి ఉంది. ఆంథోని అంగలు వేసి కొలుస్తూ ట్యూబు ముక్కలు పరచడం మొదలుపెట్టాడు. రాళ్లయితే పిల్లలు తట్టుకుని పడతారు, ట్యూబు ముక్క మీద కాలేసినా ఏమీ కాదు. ఆయన ఎక్కడ ముక్క పెడితే ధన్‌సింగ్ అక్కడికి పోయి కాగితంలో ఆ చోటు వెతుక్కున్నాడు. ఇరవై అంగల చతురస్రం. అందులో అక్కడక్కడా రెండేసి ముక్కలు, మధ్య అంగ ఎడం.

"ఇవేనా గేట్లు?"

"అవ్ సార్."

"ఎనిమిది," అని లెక్కపెట్టి, "సరే" అన్నాడు ధన్‌సింగ్. ఆ సరేలో అనుమానం ఏమీ తగ్గలేదు.

పన్నెండు మంది పిల్లలు పరుగెత్తుకొచ్చారు. ఏడుగురు మగపిల్లలు, అయిదుగురు ఆడపిల్లలు. కోయ పిల్లలు కొందరు, లంబాడా పిల్లలు కొందరు. ఆంథోని నాలుగు మాటలు చెప్పాడు: ఆరుగురు బంతులతో లోపల, ఆరుగురు బయట, నిమిషంలో ఎన్ని గేట్లలోంచి బంతి తీసుకుపోతారో బయటివాడు జతగాడికి లెక్కపెట్టాలి, వెంటవెంటనే ఒకే గేటులో తిరగొద్దు. అంతే. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

మడి చీమలపుట్ట అయింది. ఒకడు తలవంచుకుని పోయి ఇంకోడికి ఢీకొన్నాడు. రెండో నిమిషానికి వాడే తలెత్తి చూసుకుంటూ పోవడం మొదలుపెట్టాడు. గేటు ముందర ఎవడైనా ఉంటే వేరే గేటుకు మళ్లుతున్నాడు. ఎవరూ చెప్పలేదు. పోతయ్య నాలుక మీదికి "తలెత్తు!" అన్న మాట వచ్చి ఆగిపోయింది.

బయట నిలబడ్డ గళ్ల గౌను పిల్ల దగ్గరికి ఆంథోని పోయి వంగి ఏదో అన్నాడు. ధన్‌సింగ్ వెంటనే ఆ పిల్లను పిలిచాడు.

"ఏం చెప్పిండు?"

ఆ పిల్ల కానిస్టేబులు తుపాకీ వంక చూస్తూనే చెప్పింది. "అరికాలుతోటి బంతిని ఎనకకు గుంజి చూడు అన్నడు సార్."

"ఇంకేమన్నడు?"

"గంతే."

పావుగంట తరువాత రెండో ఆట. మూడు పొడుగుపెట్టెలు, ఒక్కోదానికి నలుగురు, ఇద్దరు ఆడితే ఇద్దరు ఆగుతారు. ఒకడు బంతితో ఎదుటివాణ్ని దాటి, అవతలి గీత మీద బంతిని కాలితో ఆపాలి. ఎదుటివాడు లాక్కుంటే వాడు ఇవతలి గీతకు పోతాడు. అర నిమిషం ఆట, అర నిమిషం ఊపిరి. గీత దాటడమంటే ఇదన్నమాట. ధన్‌సింగ్ కాగితం మీద బొటనవేలు పెట్టుకుని చూస్తూనే ఉన్నాడు.

కాసేపు చూసి ఆంథోని పెట్టెల అంచుల వెంట నడుస్తూ, ఆట ఆపకుండా ట్యూబు ముక్కలను కాలితో అంగ చొప్పున అటూ ఇటూ జరిపాడు.

"ఏయ్, ఆగు! కాయితంల ఎనిమిది అంగలున్నది. నువ్వు పది చేసినవ్," ధన్‌సింగ్ ముందుకొచ్చాడు. "ఇది మార్చిన లెక్క."

"ఇరుకైంది సార్. బంతి ఉన్నోడు దాటలేకపోతున్నడు, చూసిన్రు గదా. వెడల్పు చేస్తే వానికి పక్కకు చోటు దొరుకుతది. మరీ ఈజీగ దాటితే మళ్ల దగ్గరికి జరుపుత."

"మరి వాళ్లకు చెప్తే అయిపాయె గదా, ఎట్ల దాటాల్నో?"

"చెప్తే నేను దాటినట్టు సార్."

ధన్‌సింగ్ పోతయ్య వంక తిరిగాడు. "ఏమంటరు సారు?"

పోతయ్య నడుమ పెట్టెలో ఆ గళ్ల గౌను పిల్లను చూస్తున్నాడు. బక్కపలచ, మోకాళ్ల మీద గీరుకుపోయిన మచ్చలు. అందరూ ద్వాలీ అని పిలుస్తున్నారు. ఆ పిల్ల కాలికి బంతి తగిలినప్పుడల్లా ఆయన వేలు ముడుస్తున్నాడు. పది నిమిషాల్లో రెండు చేతుల వేళ్లు ఎన్నిసార్లు ముడిచి విప్పాడో మరిచిపోయాడు. తన మైదానంలో ఇరవై ఇద్దరికి ఒక్క బంతి.

అదే సంగతి ధన్‌సింగుకూ తట్టినట్టుంది. "సారు, మీ దగ్గర నేను లెఫ్ట్ బ్యాక్. బంతి నాకాడికి వచ్చిందంటె ఆ దినం నాకు దసరా. వచ్చినా ఏం జేస్త, మీరు కొట్టు అనేటోళ్లు, కండ్లు మూసుకుని కొట్టేటోణ్ని."

"నీకేంరా, మంచిగనే కొట్టేటోనివి."

"ఏటి దిక్కు కొట్టేటోణ్ని సారు. మీరే నన్ను ఏట్ల దింపి తెప్పిచ్చేటోళ్లు."

ఎండ పసుపు రంగుకు తిరిగింది. మూడో ఆట మొదలైంది. రెండు మైదానాలు, ఒక్కోదాంట్లో ముగ్గురికి ముగ్గురు, నాలుగు మూలల్లో నాలుగు చిన్న గేట్లు, గోలుకీపరు లేడు. ఒక్కో జట్టుకు ఎదుటి పక్క రెండు గేట్లు. ఒకదాని ముందు మంది గుమిగూడితే రెండోది ఖాళీగా ఉంటుంది. అది పిల్లలు పట్టుకోవాలి. కాపలా లేని గేటు కథ అది.

ద్వాలికి బంతి దొరికింది. ఎడమ పక్క నుంచి పోయింది. ముగ్గురూ ఆమె మీదికి పోయారు. వెనక ఇద్దరు జతగాళ్లు చేతులెత్తి ఖాళీగా నిలబడి ఉన్నారు. ఆ పిల్ల ఇవ్వలేదు. బంతి పోయింది. రెండోసారీ అంతే. మూడోసారి అదే ఎడమ, అదే మంది, అదే మొండితనం. ఆంథోని చేతులు వెనకే ఉన్నాయి.

పోతయ్య ఓర్పు అక్కడితో తెగింది. తనకు తెలియకుండానే చొక్కాలో దారానికి వేలాడే ఈల నోట్లోకి వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లు ఊదిన ఊపిరి.

ఈల అడవికి తగిలి తిరిగొచ్చింది. "పాస్ ఇవ్వు! ఇద్దరు ఖాళీగున్నరు, కనబడతలేదా!"

పన్నెండు మంది పిల్లలు ఎక్కడివాళ్లక్కడ ఆట వదిలేసి పరుగెత్తారు. ఆశ్రమ బడిలో ఈల అంటే ఒక్కటే. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక, మూరెడు ఎడంతో బారు తీరి, చేతులు తొడలకు ఆనించి నిలబడ్డారు. బంతులు రెండూ వాటి దారిన అవి దొర్లుకుంటూ గట్టు దిగి పోయాయి. పోతయ్య పక్కకు చూశాడు. ధన్‌సింగ్ మడమలు కలిపి, గడ్డం పైకెత్తి, నిటారుగా నిలబడి ఉన్నాడు. కాగితం తొడకు అదుముకుని.

ఒక కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. ధన్‌సింగ్ చప్పున వదులయ్యాడు. "అలవాటు సారు," అన్నాడు చిన్నగా.

ఆంథోని కుంటుకుంటూ పోయి బంతులు తెచ్చుకున్నాడు. కోపమున్నట్టు కనబడలేదు. పోతయ్య ముందు నిలబడి అన్నాడు.

"ఆపేది ఒక్కసారే సారు. అది మీరు వాడుకున్నరు."

ఆట మళ్లీ మొదలైంది. ఇప్పుడు ద్వాలికి బంతి రాగానే ఆ పిల్ల తలతిప్పి పోతయ్య వంక చూసింది. ఆ చూపు పడ్డంతసేపట్లో బంతిని ఎవడో తీసుకుపోయాడు. మళ్లీ వచ్చింది. మళ్లీ చూసింది. మళ్లీ పోయింది. అయిదుసార్లు లెక్కపెట్టాడు పోతయ్య. అయిదుసార్లూ ముందు తన ముఖం, తరువాత బంతి. ముక్కూ మొహం తెలియని మనిషి ఒక్క ఈల ఊదితే పిల్ల కళ్లు ఆయన చేతికి చిక్కాయి. బాటలో విన్న మాట ఆయనకు ఇప్పుడు నొప్పిగా తగిలింది.

నీళ్లు తాగడానికి ఆగినప్పుడు ఆంథోని ద్వాలి పక్కన గొంతుకూర్చుని, "ముగ్గురు నీ మీదికొస్తే ఎవరు లేని చోటు ఏడుంటది?" అని అడిగాడు. ఆ పిల్ల కుడి మూల గేటు వైపు వేలు చూపించింది. ఆయన తలూపి లేచాడు. పోతయ్య దగ్గరికి వచ్చాడు.

"సారు, ఏమనుకోకున్రి. మీరు అటు తిరిగి కూసుంటరా? పిల్ల మిమ్మల్నే చూస్తుంది."

ప్రమీలారాణి నోరు తెరిచింది. ధన్‌సింగ్ ముఖం ఎర్రబడింది. "ఏందయ్యా, సారును అటు తిరగమంటవా?"

"ఆగురా," అన్నాడు పోతయ్య. గట్టు మీద మడికి వీపు పెట్టి, అడవికి ముఖం పెట్టి కూర్చున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆటకు వీపు చూపించడం ఆయనకు అదే మొదలు.

మొదట మాటలేమీ వినబడలేదు. ఊపిరులు, మోళ్ల మీద కాళ్ల చప్పుడు. తరువాత పిల్లల గొంతులు. "ఇటు, ఇటు!" "ఎనకున్నడు, సూస్కో!" "గుంజు!" "అటు ఖాళీ!" తెలుగులో కొన్ని, కోయలో కొన్ని, లంబాడీలో కొన్ని. తన మైదానాల్లో ఈ గొంతులు ఎన్నడూ వినలేదు ఆయన. ఉండి ఉంటాయా అని కూడా ఎన్నడూ అనుమానించలేదు. అక్కడ ఉన్నది ఒక్క గొంతు, అది తనది.

"ఏమైతుందిరా?" అన్నాడు వెనక్కి చూడకుండా.

ధన్‌సింగ్ కాగితం సంగతి మరిచిపోయాడు. "ద్వాలికి దొరికింది సారు... ఎడమకే పోతుంది, మళ్ల అదే... ముగ్గురు పడ్డరు... ఆగింది. అరికాలేసింది బంతి మీద... గుంజింది సారు ఎనకకు! తిరిగింది! కుడి దిక్కు పోతుంది, ఒక్కడు వెంటపడ్డడు, వాణ్ని దాటింది... అబ్బబ్బ!"

"పడ్డదా గేటుల?"

"పడలె సారు. బయటికి కొట్టింది."

ఆంథోని గొంతు వినబడలేదు. భేష్ అనీ లేదు, అయ్యో అనీ లేదు. ఆట సాగుతూనే ఉంది. కాసేపటికి ధన్‌సింగ్ మళ్లీ అరిచాడు. ఈసారి ఆ పిల్ల ముగ్గుర్నీ మీదికి లాక్కుని, చివరి క్షణాన పక్కవాడికి ఇచ్చేసిందట. వాడు తీరిగ్గా ఖాళీ గేటులోంచి నడిచి పోయాడట. ఇవ్వమని ఎవరూ చెప్పలేదు.

గంట ముగిసింది. పోతయ్య లేచి పంచె దులుపుకున్నాడు. ధన్‌సింగ్ ఇచ్చిన తెల్లకాగితం మీద వరండాలో కూర్చుని రాశాడు: ఇందులోని గేట్లు, గీతలు, బాణాలు అన్నీ పన్నెండేళ్ల లోపు పిల్లలకు బంతి తీసుకుపోవడం నేర్పే ఆటలోవేననీ, తాను కళ్లారా చూశాననీ, బస్సులో తాను తెలియక తప్పు చెప్పాననీ. చివరి వాక్యం ధన్‌సింగ్ అడగలేదు. రాశాక కొట్టెయ్యాలనిపించింది గాని కొట్టెయ్యలేదు.

"అయితే ఇగ నీ తోవ నీది," అన్నాడు ధన్‌సింగ్ ఆంథోనితో. "కాయితం మాత్రం ఫైలుల ఉంటది. ఎవరన్న అడిగితే చూపెట్టాలె గదా."

"వచ్చే వారంది కూడ దాని ఎనకనే రాసుకున్న సార్."

"మళ్ల రాసుకోరాదు?"

ప్రమీలారాణి గొంతు సవరించుకుంది. ఆమె కళ్లు ఆంథోని వంక చూడకుండా బంతుల వల మీద ఆగాయి. "వచ్చే వారం వద్దులేన్రి. పోలీసులు మన మడిలకు వచ్చిన్రని రేపు పొద్దటికి చుట్టుపక్కల గుంపులకు, గూడేలకు అన్నిటికి తెలుస్తది. ఎవరి కోసం వచ్చిన్రు, ఎందుకు వచ్చిన్రు అని అడిగేటోళ్లు పోలీసులొక్కరే గాదు. తల్లిదండ్రులొచ్చి పిల్లల్ని తోలుకపోతే నేనేం చెయ్యాలె? కొన్ని వారాలు చూద్దాం. నేనే కబురు పెడత."

ఆ కొన్ని వారాలు ఎన్నో ఆమె చెప్పలేదు. ఆంథోని మడిలోకి పోయి ఒక్కో ట్యూబు ముక్కా ఏరుకోవడం మొదలుపెట్టాడు.

పోతయ్య ఆయన వెంటే తిరిగాడు. "తమ్మీ, నేను ఊకోను. ఈ గుంపుల పెద్దమనుషులందరు నాకు తెలుసు, సగం మంది నా దగ్గర చదివినోళ్లే. ఒక్కొక్కరికాడికి పోయి చెప్త. ఆమెకు గుడ చెప్త, మెల్లగ ఒప్పిస్త. వచ్చే శనివారం నేనే వస్త, నీ పక్కన నిలబడత. ఈల ఇంట్ల పెట్టొస్త. నువ్వు ఆ మూడోది మొదలెట్టేటప్పుడు రెండు జట్లు ఎట్ల పంచినవో అదొక్కటి నాకు సమజ్ కాలె. పెద్ద పిల్లల్ని ఒక్క దిక్కు వెయ్యలె నువ్వు, అది కావాల్ననే చేసినవా?"

ఆంథోని ఆఖరి ముక్క గోనెసంచిలో వేసి మూతి ముడేశాడు. బంతులు లెక్కపెట్టుకున్నాడు, ఆరు. వల భుజానికెత్తుకున్నాడు. ద్వాలి వరండా స్తంభాన్ని పట్టుకుని నిలబడి ఉంది; ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి తీసేశాడు.

"చెప్పు తమ్మీ, కావాల్ననే చేసినవా?" పోతయ్య ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

ఆంథోని ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ, టేకు ఆకుల బాటపట్టి రోడ్డు వైపు పోయాడు.